పిల్లల తొలి పెంపుడు జీవి: చేప, కుందేలు, కుక్క సంరక్షణ అవసరాలు

ప్రస్తావన

ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లో పిల్లాడో ఉంటే ఏదో ఒక రోజు ఈ కోరిక బయటపడుతుంది: "అమ్మా, మనం కూడా ఒకదాన్ని పెంచుకుందామా?" మన ఊళ్లలో ఆ 'ఒకటి' మూడింటిలో ఒకటిగా ఉంటుంది. గాజు తొట్టెలో చేప, తెల్ల కుందేలు, లేకపోతే కుక్కపిల్ల. పెద్దవాళ్లు సాధారణంగా వీటిని చిన్నది, మధ్యస్థం, పెద్దది అని పరిమాణాన్ని బట్టి వరుస పెడతారు. చేప తేలిక, కుక్క కష్టం, కుందేలు ఆ రెండింటికీ మధ్య అనుకుంటారు. ఈ వరుస తప్పని ఈ పాఠం చదివాక మీకే తెలుస్తుంది. మన వాతావరణంలో చిన్నపిల్లలున్న ఇంటికి ఈ మూడింటిలో అన్నిటికన్నా కష్టమైనది చాలాసార్లు కుందేలే.

జంతువును ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దాని ప్రాణం ముఖ్యంగా దేనిమీద ఆధారపడి ఉంది? అది దెబ్బతింటున్నప్పుడు ఇంట్లో ఎవరు గమనిస్తారు? చేప ప్రాణం నీటిమీద, కుందేలు ప్రాణం గడ్డి, చల్లదనం మీద, కుక్క బాగోగులు మనిషి ఇచ్చే సమయం మీద ఆధారపడి ఉంటాయి. రెండో ప్రశ్నకు "పాప చూసుకుంటుంది" అన్నది జవాబు కాదు. పిల్లలు సాయం చేస్తారు, కానీ బాధ్యత పెద్దవాళ్లదే. పదేళ్ల లోపు పిల్లలకు రోజూ ఒకే పనిని మరచిపోకుండా చేసే శక్తి ఇంకా పూర్తిగా రాదు. అది వాళ్ల తప్పు కాదు.

చేప: మీరు పెంచేది నీటిని

మొదట నా అనుభవం ఒకటి చెబుతాను. మా అబ్బాయి చిన్నప్పుడు గుండ్రటి గాజు గిన్నెలో రెండు బంగారు చేపలు తెచ్చాం. నేను రోజూ నీళ్లన్నీ పారబోసి, గిన్నె తళతళలాడేలా కడిగి, కుళాయి నీళ్లు నింపేవాణ్ని. తొమ్మిది రోజులు తిరిగేసరికి రెండూ చనిపోయాయి. అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. తప్పు నాదని ఒప్పుకోవడానికి, జంతుశాస్త్రం బోధించే నాకు, కొన్నేళ్లు పట్టింది.

జరిగింది ఇది. చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను నీటిలోకి వదులుతుంది. మిగిలిపోయిన మేత, మలం కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. చాలా కొద్ది మోతాదులోనే ఇది మొప్పలను దహిస్తుంది. చెరువులో ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం చాలా తక్కువ హాని చేస్తుంది, దాన్ని వారానికోసారి కొంత నీరు మార్చి తగ్గించవచ్చు. కొత్త గాజు తొట్టెలో ఈ బాక్టీరియా ఉండవు. అవి ఫిల్టర్ స్పాంజి మీద, అడుగున ఉన్న గులకరాళ్ల మీద పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను రోజూ గిన్నెను రుద్ది కడుగుతూ వాటిని పుట్టనివ్వలేదు. పైగా కుళాయి నీటిలోని క్లోరిన్‌తో మొప్పలను కూడా కాల్చాను.

కాబట్టి చేపల పెంపకంలో అసలు పని చేపలు రాకముందే జరుగుతుంది. తొట్టెను నీటితో నింపి, ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు చేపల మేత వేయాలి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని బాక్టీరియా పెరుగుతాయి. చేపల దుకాణాల్లో చుక్కల మందుతో నీటిని పరీక్షించే కిట్ దొరుకుతుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తరువాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ సున్నాకు వస్తాయి. అప్పుడే చేపలను తేవాలి. ఇప్పటికే బాగా నడుస్తున్న తొట్టెలోని స్పాంజి ముక్క ఎవరైనా ఇస్తే ఈ కాలం బాగా తగ్గుతుంది.

గిన్నె వద్దు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టె మొదటిసారికి సరిపోతుంది. ఇందులో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. గాజు, రాళ్లతో కలిపి బరువు అరవై కిలోలు దాటుతుంది కాబట్టి టీవీ బల్ల మీదో, ప్లాస్టిక్ స్టూలు మీదో పెట్టకండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన కూడా వద్దు. నీరు వేడెక్కితే అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, పాచి పెరుగుతుంది.

ఏ చేప? బంగారు చేప చూడ్డానికి చిన్నది. అయితే అది ఆరంగుళాలు దాటి పెరుగుతుంది, సరిగా చూస్తే పదేళ్లకు పైగా బతుకుతుంది, చాలా వ్యర్థం వదులుతుంది. ఈ తొట్టె దానికి చాలదు. గప్పీలు మన గది వేడిలోనే హాయిగా ఉంటాయి, కొంచెం ఉప్పదనం ఉన్న బోరు నీటిని కూడా తట్టుకుంటాయి. అయితే ఆడ, మగ కలిపి తెస్తే మూడు నెలల్లో తొట్టె పిల్లలతో నిండిపోతుంది. ఐదారు మగ గప్పీలతో మొదలుపెట్టండి. మగవాటికి రంగులెక్కువ, పిల్లలకూ నచ్చుతాయి.

వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. మున్సిపల్ కుళాయి నీరైతే ఒక రోజు ముందే వెడల్పాటి బకెట్లో మూతలేకుండా ఉంచండి, లేదా క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండితే బాక్టీరియా బతుకుతాయి. మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. పిల్లలు ప్రేమతో వేసే అదనపు మేతతో చచ్చే చేపలు ఆకలితో చచ్చేవాటికన్నా ఎక్కువ.

ప్రమాదం ఎలా తెలుస్తుంది? చేపలన్నీ పైకి వచ్చి నీటి మట్టం దగ్గర నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందనో, అమ్మోనియా చేరిందనో అర్థం. రెక్కలు ముడుచుకుని మూలన ఉండటం కూడా అలాంటి గుర్తే. వెంటనే పావు వంతు నుంచి సగం వరకు నీరు మార్చి, తరువాత పరీక్షించండి. కరెంటు తరచుగా పోయే ఊరైతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోవాలి.

ఇంకొక మాట. విసుగొచ్చిందని చేపలను చెరువులోనో కాలువలోనో వదలకండి. తొట్టెల పాచి తినడానికని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేప ఇలాగే మన నదుల్లోకి, చెరువుల్లోకి చేరింది. మత్స్యకారులు 'దెయ్యం చేప' అని పిలిచే దీని ముళ్లు వలలను చింపుతాయి.

కుందేలు: మెత్తగా కనిపించే కఠినమైన బాధ్యత

సంతల్లో, రోడ్డు పక్కన చిన్న చిన్న పంజరాల్లో అమ్మే కుందేలు పిల్లను చూస్తే ఏ పిల్లవాడి మనసైనా కరుగుతుంది. దానితో పాటు అమ్మేవాడు ఇచ్చే సలహా సాధారణంగా ఒకటే: "క్యారెట్ పెట్టండి సార్, ఏమీ కాదు." ఈ సలహాను నమ్మినవాళ్ల కుందేళ్లు ఏడాది కూడా బతకకపోవడం నేను చాలాసార్లు చూశాను. సరిగా చూసుకుంటే ఇది ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతికే జంతువు.

కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. వాటిని కదిలించేది పీచు, అంటే గడ్డి. అది తినే మొత్తంలో నూటికి ఎనభై పాళ్లు ఎండుగడ్డి, గరిక వంటివే ఉండాలి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గంటల తరబడి గడ్డి నమిలితేనే దవడ పళ్లు సరిగా అరుగుతాయి. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ. అది మనకు మిఠాయి ముక్క లాంటిది, వారానికి ఒకటి రెండుసార్లు బొటనవేలంత ముక్క చాలు. అన్నం, రొట్టె, బిస్కెట్ అసలు వద్దు. కొత్తిమీర లాంటి ఆకుకూరలు రోజూ గుప్పెడు పెట్టవచ్చు, కొత్త ఆకు ఏదైనా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

పీచు తగ్గినా, భయపడినా, నొప్పి కలిగినా కుందేలు పేగుల కదలిక నెమ్మదిస్తుంది. లోపల గ్యాసు చేరి నొప్పి పుడుతుంది. నొప్పితో అది తినడం మానేస్తుంది. తినకపోవడంతో పేగులు ఇంకా మందగిస్తాయి. ఈ చక్రం మొదలైతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. కష్టమేమిటంటే, కుందేలు అరవదు, మూలగదు. అడవిలో జబ్బుపడినట్టు కనిపించిన జంతువును నక్క ముందు పట్టుకుంటుంది కాబట్టి నొప్పిని దాచడం దాని స్వభావం. అందువల్ల రోజూ ఉదయం దాని పెంటికలను చూడటం ఇంట్లో ఒకరి పని కావాలి. ఆరోగ్యంగా ఉంటే అవి శనగ గింజంత ఉండి, గుండ్రంగా, పొడిగా, లోపల గడ్డి పీచుతో ఉంటాయి. చిన్నవి అయ్యాయంటే, తగ్గాయంటే ముందు హెచ్చరిక. పన్నెండు గంటలపాటు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది రేపటిదాకా ఆగే విషయం కాదు, ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. పశువైద్యులందరికీ కుందేళ్ల అనుభవం ఉండదు. కుక్కలకు ఈగలు, పేలు పోవడానికి మెడ మీద వేసే ఫిప్రోనిల్ అనే మందు కుందేలుకు విషం. మనం మింగే అమాక్సిసిలిన్ లాంటి మందులు నోటి ద్వారా ఇస్తే దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి అది చనిపోవచ్చు. కుందేలును తెచ్చే ముందు మీ ఊళ్లో కుందేళ్లకు వైద్యం చేసే డాక్టరు ఎవరో ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరూ లేకపోతే ఆ ఆలోచన అక్కడే ఆపేయడం మంచిది.

ఒక విషయం చూసి భయపడకండి. కుందేలు రాత్రిపూట గుత్తిగా ఉండే మెత్తని మలాన్ని నేరుగా తినేస్తుంది. అది మురికి అలవాటు కాదు. అంధనాళంలో సూక్ష్మజీవులు తయారు చేసిన మాంసకృత్తులను, బి విటమిన్లను అది ఇలా రెండోసారి జీర్ణం చేసుకుంటుంది. దాన్ని ఆపకూడదు.

తరువాతది ఎండ. కుందేలుకు మనలా చెమట పట్టదు. వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. 15 నుంచి 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే ఈ జంతువుకు 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే డాబా మీద పంజరంలో ఉన్న కుందేలు గంటల్లో చనిపోగలదు. వట్టి ఫ్యాను గాలి పెద్దగా ఉపయోగపడదు. చల్లని గది, గుడ్డ చుట్టిన మంచు సీసా, నేల మీద తడిపిన షాబాద్ బండ అవసరం. నోరు తెరిచి వేగంగా ఊపిరి తీస్తూ చతికిలబడితే వడదెబ్బే. చెవులను మామూలు నీటితో తడుపుతూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మంచు నీళ్లలో ముంచకండి.

పిల్లలకు సంబంధించి అసలు విషయం ఇది: కుందేలు ఎత్తుకునే బొమ్మ కాదు. నేల మీద నుంచి ఎవరైనా పైకెత్తితే గద్ద ఎత్తుకుపోయినట్టే దానికి అనిపిస్తుంది. భయంతో వెనక కాళ్లతో బలంగా తంతుంది. ఆ తన్నుకే దాని నడుము ఎముక విరిగి కాళ్లు పడిపోయిన సందర్భాలున్నాయి. పిల్లలు నేల మీద కూర్చుంటే, కుందేలు తనంతట తాను దగ్గరికి వస్తే నిమరాలి. ఏడేళ్ల పిల్లకు ఇంత ఓపిక ఉంటుందా అన్నది మీరే ఆలోచించాలి.

స్వయం పరీక్ష: మీ ఇంట్లో మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అన్నిటికన్నా చల్లగా ఉండే చోట ఉష్ణోగ్రత ఎంత? వారం రోజులు కొలిచి రాసుకోండి. ఆ చోట కుందేలును ఉంచగలరా?

కుక్క: దానికి కావలసింది మీ సమయం

కుక్క గురించి మీకు ఇప్పటికే కొంత తెలుసు కాబట్టి మూడు విషయాలే చెబుతాను.

మొదటిది సమయం. ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లను అమ్మడం మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం నిషిద్ధం. రెండు నెలల పిల్లను తెస్తే రోజుకు మూడు నాలుగుసార్లు మేత, రెండు గంటలకోసారి మూత్రానికి బయటికి, రాత్రి ఒకటి రెండుసార్లు మేల్కొనడం ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలయ్యే టీకాలు మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలదాకా సాగుతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ. టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట దాన్ని నేల మీద వదలకూడదు. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. రక్త విరేచనాలతో పిల్ల కుక్కలను రోజుల్లో చంపేస్తుంది. పెద్దయ్యాక రోజుకు రెండుసార్లు నడక, పదీ పన్నెండేళ్లపాటు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి మంచు ప్రాంతాల జాతులను మన ఎండలకు తేవడం వాటిని హింసించడమే. మన వీధి కుక్కపిల్ల ఈ వాతావరణానికి పుట్టింది.

రెండోది తిండి. మన ఇళ్లలో మిగిలిన సాంబారు అన్నం కుక్కకు పెట్టడం అలవాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి, ఉడికించినా వాటి విషం పోదు. పాయసంలోని కిస్‌మిస్‌లు, చాక్లెట్ కూడా ప్రమాదమే. పండగ రోజున పిల్లలు తమ ఆకులోంచి కుక్కకు పెట్టకుండా చూసుకోవాలి.

మూడోది కాటు. పిల్లలను కరిచేవి ఎక్కువగా తెలిసిన కుక్కలే. కుక్క కరిచే ముందు సాధారణంగా చెబుతుంది: ఒళ్లు బిగిసిపోతుంది, తల తిప్పుకుంటుంది, కంటి తెల్లభాగం కనిపిస్తుంది, మూతి నాక్కుంటుంది, చివరగా గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇకమీదట అది చెప్పకుండానే కరుస్తుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు. చిన్నపిల్లలనూ కుక్కనూ పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో వదలకూడదు.

కాటైనా గీరైనా, టీకా వేసిన సొంత కుక్కదైనా, పుండును సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారం, పసుపు, సున్నం ఏదీ పూయకండి. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత బతకడం దాదాపు అసాధ్యం, కాని సమయానికి వేసే టీకాలు దాన్ని ఆపుతాయి. పిల్లలు చాలాసార్లు తిడతారనో, కుక్కను ఎక్కడైనా వదిలేస్తారనో చిన్న గాటును దాచేస్తారు. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన మొదటి రోజునే పిల్లలకు చెప్పండి: "గీరినా చెప్పు, నిన్ను ఏమీ అనం, దాన్ని పంపించం." ఈ ఒక్క మాట టీకాకు దారి తెరుస్తుంది.

ఒక కుటుంబం తీసుకున్న నిర్ణయం

విజయవాడలో మాకు తెలిసిన ఒక కుటుంబం మూడో అంతస్తులో ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ ఉదయం తొమ్మిదికి ఉద్యోగాలకు వెళ్లి సాయంత్రం ఆరు దాటాక వస్తారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో నాయనమ్మ, ఎనిమిదేళ్ల పాప. పాపకు కుందేలు కావాలి. ఇల్లు పడమటి ముఖం, ఏసీ ఒక్క పడకగదిలోనే, అదీ రాత్రిపూటే. వారం రోజులు కొలిస్తే ఏప్రిల్‌లోనే మధ్యాహ్నం హాల్లో 36 డిగ్రీలు. కుందేలు మాట అక్కడితో ఆగింది. కుక్కపిల్లను పగలు నాయనమ్మ రెండు గంటలకోసారి మెట్లు దిగి తీసుకెళ్లలేదు. లిఫ్టు ఉన్నా లాగే కుక్కను పట్టుకోలేదు. అరకులో ఉండే కుటుంబానికైతే, పగలు ఇంట్లో పెద్దవాళ్లుంటే, నేను ఇదే లెక్క వేసి కుందేలుకు అడ్డు చెప్పకపోదును.

చేపలని నిర్ణయమయ్యాక పాప రెండు రోజులు అలిగింది. తొట్టె వచ్చాక, "చేపలేవీ?" అని రోజూ అడిగేది. తండ్రి ఆ ఎదురుచూపునే పనిగా మార్చాడు. పరీక్ష కిట్‌తో వచ్చిన రంగును పాప ఒక నోటుపుస్తకంలో రాసేది. ఆరో రోజున అమ్మోనియా కనిపించింది. పదిహేనో రోజుకు నైట్రైట్ పెరిగింది. ముప్ఫై రెండో రోజున రెండూ సున్నా. అప్పుడు పదిరోజుల తేడాతో రెండు విడతలుగా ఐదు మగ గప్పీలు వచ్చాయి. దుకాణం సంచీని మూతి విప్పకుండా తొట్టె నీటిమీద పదిహేను నిమిషాలు తేలనిచ్చి, నీటి వేడి సమమయ్యాక చేపలను మాత్రం వలతో లోపలికి వదిలారు, సంచీ నీరు పారబోశారు.

ఆదివారం పావు వంతు నీరు మార్చడం తండ్రి పని. మేత పాపది, కానీ డబ్బా తల్లి దగ్గర. వారానికి ఏడు చిన్న పొట్లాలు కట్టి పాపకు ఇస్తుంది, రోజుకొక పొట్లం. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. పెద్దవాళ్లు ఆఫీసులో ఉన్నారు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని పాపే చూసి, నాయనమ్మను పిలిచి, బ్యాటరీ పంపు పెట్టించింది. తరువాత నోటుపుస్తకం తీసి ఆ రోజు తేదీ వేసి, పక్కన "నీళ్లు వేడి, గాలి లేదు" అని రాసింది.